బరువెత్తినప్పుడు వాచీకి నాడి ఎందుకు దొరకదు

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి జిమ్‌లలో సాయంత్రం ఆరు దాటితే రాడ్ ఖాళీగా దొరకదు. తమ వంతు కోసం నిలబడ్డ కుర్రాళ్లలో చాలామంది చేతికి స్మార్ట్‌వాచీ ఉంటుంది. ఒకరిద్దరు నాడి కొలవడానికి ఛాతీకి కట్టుకునే పట్టీ కూడా కొనుక్కుంటారు. రెండూ ఒకే మనిషి ఒంటి మీద ఉన్నప్పుడే అసలు ప్రశ్న పుడుతుంది. నేల మీది రాడ్‌ను రెండు చేతులతో పట్టుకుని లేచి నిలబడే డెడ్‌లిఫ్ట్ సెట్ ముగించి, రాడ్ కింద పెట్టి, ఆయాసపడుతూ ఫోన్ చూసుకున్న కుర్రాడు పక్కనున్న సీనియర్‌ని అడుగుతాడు: “అన్నా, పట్టీ 139 అంటుంది, వాచీ 103 అంటుంది. ఏది నమ్మాలె?”

వాచీ పాడైందనుకుని మార్చేసేవాళ్లున్నారు. కొత్తది కూడా అదే పని చేస్తుంది. ఎందుకంటే ఇక్కడ చెడిపోయిన భాగమేదీ లేదు. మణికట్టు మీద వెలుగుతో నాడి కొలిచే పద్ధతికే కొన్ని హద్దులున్నాయి. బరువెత్తేటప్పుడు, సైకిల్ తొక్కేటప్పుడు, చలిలో ఆ హద్దులు బయటపడతాయి. మూడింటిలో బరువెత్తడమే దానికి అన్నిటికన్నా కష్టమైన పరీక్ష. అది అర్థమైతే మిగతా రెండూ తేలిగ్గా అర్థమవుతాయి.

చిన్నప్పుడు కరెంటు పోయిన రాత్రి టార్చిలైటును వేలికి ఆనించి చూడని వాళ్లుండరు. వేలు ఎర్రగా మెరుస్తుంది. తెల్లటి వెలుగులో ఎరుపు ఒక్కటే మాంసంలో నుంచి అంత దూరం రాగలదు, ఆకుపచ్చను రక్తం మింగేస్తుంది. వాచీ వెనక మెరిసే పచ్చ లైట్లు పెట్టింది అందుకే. పచ్చ వెలుగు చర్మంలో దాదాపు ఒక మిల్లీమీటరు లోతుకు మించి పెద్దగా పోదు. ఆ పైపొరలోని సన్నటి రక్తనాళాలు దాన్ని బాగా పీల్చుకుంటాయి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ నాళాల్లోకి రక్తం కొంచెం ఎక్కువగా వస్తుంది, ఆ క్షణంలో వెనక్కి తిరిగొచ్చే వెలుగు కొంచెం తగ్గుతుంది. లైట్ల పక్కనే ఉన్న సెన్సర్ ఈ హెచ్చుతగ్గులను సెకనుకు ఎన్నోసార్లు చూసి, నిమిషానికి ఎన్ని తగ్గుదలలు వచ్చాయో లెక్కకడుతుంది. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికా శాస్త్రవేత్త ఆల్రిక్ హెర్ట్జ్‌మన్ 1930ల చివర్లోనే చర్మం మీద వెలుగు వేసి రక్త ప్రవాహాన్ని చూశాడు. ఆస్పత్రిలో వేలికి పెట్టే క్లిప్పు కూడా ఇదే సూత్రం మీద, ఎరుపు, పరారుణ వెలుగులతో పనిచేస్తుంది.

అంటే వాచీ గుండెను చూడడం లేదు. చర్మం నుంచి తిరిగొచ్చే వెలుగును చూసి, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో ఊహిస్తుంది. ఛాతీ పట్టీ వేరు. గుండె కండరం కదిలే ముందు పుట్టే విద్యుత్తును అది చర్మం మీద పట్టుకుంటుంది.

ఇక ఆ తగ్గుదల ఎంత చిన్నదో చూడాలి. తిరిగొచ్చే వెలుగును వంద రూపాయలనుకుంటే, గుండె కొట్టుకోవడం వల్ల మారేది రూపాయి, చాలాసార్లు అంతకన్నా తక్కువ. మిగతా తొంభైతొమ్మిది రూపాయలు చర్మం నుంచి, కొవ్వు నుంచి, సిరల్లో నిలకడగా ఉన్న రక్తం నుంచి వస్తాయి. మనిషి కుర్చీలో కదలకుండా కూర్చుంటే ఆ తొంభైతొమ్మిది మారదు కాబట్టి రూపాయి హెచ్చుతగ్గు స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే కూర్చున్నప్పుడు, నిద్రలో వాచీ చెప్పే అంకె చాలావరకు సరిగానే ఉంటుంది. కానీ వాచీ చర్మం మీద అర మిల్లీమీటరు జరిగినా, అది చర్మాన్ని నొక్కే బలం మారినా, అడుగున కండరం ఉబ్బినా ఆ తొంభైతొమ్మిదిలో నాలుగైదు రూపాయలు ఒక్కసారిగా అటూ ఇటూ అవుతాయి. వెతుకుతున్నది రూపాయి, అడ్డం వచ్చేది ఐదు రూపాయలు. మణికట్టు సెన్సర్‌కు వచ్చే ఇబ్బందులన్నిటికీ మూలం ఈ లెక్కే.

తయారీదారులకు ఈ సంగతి తెలియక కాదు. అందుకే వాచీలో కదలికను కొలిచే మరో సెన్సర్, యాక్సిలరోమీటర్, ఉంటుంది. చెయ్యి ఏ లయలో ఊగుతుందో అది చెబుతుంది. లోపలి ప్రోగ్రామ్ వెలుగు సిగ్నల్‌లో అదే లయ ఎక్కడుందో వెతికి, ఇది చెయ్యి ఊపు, నాడి కాదు అని తీసేస్తుంది. నడకకు, పరుగుకు ఈ ఉపాయం బాగానే పనికొస్తుంది, ఎందుకంటే వాటిలో చెయ్యి గడియారంలా ఒకే లయలో ఊగుతుంది. అక్కడా ఒక చిక్కుంది. పోలీసు ఉద్యోగాల పరీక్ష కోసం 1600 మీటర్లు ప్రాక్టీసు చేసే కుర్రాడి అడుగులు నిమిషానికి 170 పడుతుంటే, గుండె కూడా 165 దగ్గర కొట్టుకుంటుంటే, రెండు లయలూ పక్కపక్కనే పడతాయి. ఏది అడుగో ఏది నాడో ప్రోగ్రామ్‌కు తేలదు. కొన్నిసార్లు అడుగుల లెక్కనే నాడిగా చూపిస్తుంది. పరుగు మొదలైన రెండో నిమిషంలోనే 170 చూపించి, వేగం పెంచినా తగ్గించినా అక్కడే అతుక్కుపోయిందంటే అనుమానించాల్సింది దీన్నే.

బరువెత్తేటప్పుడు వచ్చే చిక్కు దీనికి పూర్తిగా వేరు. చెయ్యి ఊగడం అక్కడ సమస్య కాదు. పెద్దగా ఊగకపోవడమే సమస్య.

దీన్ని చదువుతున్న చోటే చూడొచ్చు. ఎడమ మణికట్టు ఎముకకు రెండు వేళ్ల పైన కుడిచేతి వేళ్లు గట్టిగా చుట్టి పట్టుకోండి. ఇప్పుడు ఎడమ పిడికిలి మెల్లగా బిగించండి. చెయ్యి ఎక్కడికీ కదల్లేదు. కానీ వేళ్ల కింద నరాల్లాంటి తాళ్లు లేచి నిలబడడం, ముంజేయి లావెక్కి వేళ్లను బయటికి నెట్టడం తెలుస్తుంది. వదిలేస్తే అంతా మళ్లీ అణిగిపోతుంది. వాచీ పట్టీ కింద కూడా ఇదే జరుగుతుంది. పట్టు బిగిసినప్పుడు పట్టీ బిగుతై సెన్సర్ చర్మంలోకి దిగబడుతుంది, అడుగునున్న రక్తం పక్కకు పోతుంది. పట్టు వదిలినప్పుడు రక్తం తిరిగొస్తుంది. వెలుగు లెక్కలో ఇది పెద్ద మార్పు. కానీ యాక్సిలరోమీటర్‌ను అడిగితే చెయ్యి దాదాపు నిశ్చలంగా ఉందనే చెబుతుంది. అడ్డం వచ్చేదాన్ని గుర్తుపట్టి తీసేయడానికి ప్రోగ్రామ్‌కు ఉన్న ఒకే ఆధారం ఇక్కడ పనికిరాకుండా పోతుంది.

దానికి తోడు వంద కిలోల రాడ్‌ను పట్టుకోవడమంటే పిడికిలి ఇరవై ముప్పై సెకన్లు వదలకుండా బిగించి ఉంచడం. అంత గట్టిగా బిగిసిన కండరం తన లోపలి నాళాలను తానే నొక్కేస్తుంది. ముంజేయిలోకి వచ్చే రక్తం, తిరిగిపోయే రక్తం రెండూ కుంటుపడతాయి. వెల్లకిలా పడుకుని రాడ్‌ను పైకి తోసే బెంచ్ ప్రెస్, భుజం మీద రాడ్ పెట్టుకుని చేసే స్క్వాట్ లాంటి వాటిలో మణికట్టు వెనక్కి వంగుతుంది. వాచీ డబ్బా ఒక అంచు చేతి వెనక భాగంలోకి గుచ్చుకుంటుంది, రెండో అంచు చర్మం నుంచి లేస్తుంది. ఆ సందులోంచి వెలుగు బయటికి పోతుంది, బయటి ట్యూబులైటు వెలుగు లోపలికి వస్తుంది. మణికట్టుకు బలం కోసం చుట్టుకునే గుడ్డ పట్టీ వాచీ మీదుగా వేస్తే మరీ కష్టం.

ఇంకో సంగతి ఊపిరికి సంబంధించింది. బరువు లేపే క్షణంలో చాలామంది ఊపిరి బిగబట్టి పొట్ట బిగిస్తారు. వెన్నుకు ఆసరా కోసం కోచ్‌లు అలా నేర్పిస్తారు కూడా. అప్పుడు ఛాతీ లోపల ఒత్తిడి పెరిగి, ఒంట్లోంచి గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. గుండె ఒక్కో కొట్టుకి బయటికి తోసే రక్తమూ తగ్గుతుంది. అంటే మణికట్టు దగ్గర అసలే చిన్నదైన ఆ రూపాయి అర్ధరూపాయి అవుతుంది. ఊపిరి వదలగానే బీపీ ఒక్కసారి ఎగబాకి, గుండె వేగం కొన్ని సెకన్ల పాటు తగ్గి, మళ్లీ పెరగొచ్చు. అసలు నాడే సెకన్లలో ఇలా ఎగుడుదిగుడుగా ఉంటే, సగటు తీసి చెప్పే పరికరానికి అది అందదు.

ఆ సగటు గురించి కూడా చెప్పుకోవాలి. ఏ వాచీ కూడా ఒక్కొక్క కొట్టును లెక్కపెట్టి వెంటనే చూపించదు. వెనకటి కొన్ని సెకన్ల సిగ్నల్‌ను ఒక ముక్కగా తీసుకుని, అందులో ఎక్కువ బలంగా ఉన్న లయను నాడిగా తీసుకుంటుంది. ఆ అంకె వెంటనే తెర మీదికి రాదు. ముందటి అంకెతో పోల్చి చూసుకుంటుంది. 103 నుంచి 139కి ఒక్కసారిగా ఎగిరితే, అది నాడి కాదు, ఏదో కుదుపు అయ్యుంటుందని ప్రోగ్రామ్ అనుకుంటుంది. చాలా వాచీలు అలాంటప్పుడు పాత అంకెనే కాసేపు పట్టుకుని కూర్చుంటాయి. నడకలో ఈ జాగ్రత్త మంచిదే, అడ్డదిడ్డమైన అంకెలు రాకుండా ఆపుతుంది. డెడ్‌లిఫ్ట్‌లో మాత్రం నిజమైన ఎగుడునే అబద్ధమని తోసేస్తుంది.

ఇవన్నీ కలిసి ఒక సెట్‌లో ఎలా పనిచేస్తాయో, ఇలాంటి సెట్లలో కనిపించే తీరులోనే ఉదాహరణకు కొన్ని అంకెలు వేసుకుని చూద్దాం. పాతికేళ్ల కుర్రాడు, 100 కిలోల రాడ్, ఆరు రెప్‌లు అంటే ఆరుసార్లు ఎత్తి దించడం, ఒక్కో రెప్‌కు నాలుగు సెకన్లు. రాడ్ ముందు నిలబడ్డప్పుడు ఛాతీ పట్టీ 104, వాచీ 103 చూపిస్తున్నాయి. ఇక్కడిదాకా తగాదా లేదు.

పిడికిలి బిగుసుకుంది, రాడ్ లేచింది. రెండో రెప్ అయ్యేసరికి పట్టీ 118కి పోయింది. వాచీ 103 దగ్గరే ఉంది. పట్టు బిగుసుకోగానే వెలుగు సిగ్నల్ చెదిరిపోయింది కాబట్టి పాత అంకెను పట్టుకుంది. ఆరో రెప్ ముగిసి రాడ్ నేలను తాకేసరికి 25 సెకన్లు అయ్యాయి. పట్టీ 139, వాచీ ఇంకా 103. మొదట్లో కుర్రాడు అన్నను అడిగిన ప్రశ్న ఈ క్షణానిదే. రాడ్ దింపిన తరువాత కూడా గుండె వేగం కొన్ని సెకన్లు పెరుగుతూనే ఉంటుంది. పది సెకన్లకు పట్టీ 146కి చేరి, అక్కడి నుంచి దిగడం మొదలుపెట్టింది. అప్పటికి పిడికిలి వదులైంది, ముంజేయిలోకి రక్తం తిరిగొచ్చింది, సిగ్నల్ శుభ్రపడింది. వాచీ ఇప్పుడు మేలుకుని మెట్లు మెట్లుగా ఎక్కుతుంది. రాడ్ దింపిన 15 సెకన్లకు 112, పాతిక సెకన్లకు 124, ముప్పై అయిదు సెకన్లకు 131. ఆ ముప్పై అయిదో సెకనులో అసలు నాడి 122కి దిగిపోయింది. అంటే వాచీలో ఎక్కువలో ఎక్కువగా కనిపించిన అంకె 131. అది అసలు శిఖరం కన్నా 15 తక్కువ. పైగా అసలు శిఖరం వచ్చిన తరువాత 25 సెకన్లకు వచ్చింది.

ఈ రెండు గీతల్లో ఒకటి ఎక్కుతూ ఒకటి దిగుతూ మధ్యలో ఒకచోట కలుస్తాయి. సరిగ్గా ఆ క్షణంలో రెండింటినీ చూసినవాళ్లు వాచీ బాగానే చూపిస్తుందని నమ్మేస్తారు. మూడు నిమిషాల సగటు తీసినా తేడా పెద్దగా కనిపించదు, ఎందుకంటే సెట్‌లో తక్కువ చూపించినదాన్ని విశ్రాంతిలో ఎక్కువ చూపించి కొంత సరిచేస్తుంది. అందుకే గంట కసరత్తు తరువాత యాప్‌లో వచ్చే సగటు నమ్మదగ్గట్టే ఉంటుంది. కానీ బరువెత్తేవాళ్లకు కావాల్సింది సగటు కాదు. సెట్ ఎంత బరువుగా పడింది, తరువాతి సెట్‌కు గుండె ఎప్పటికి సిద్ధమైంది అన్నది కావాలి. ఆ రెండు చోట్లా ఈ అంకె తప్పుదోవ పట్టిస్తుంది. సెట్ చివర 103 చూసినవాడు బరువు తేలికైందనుకుని ఇంకో పది కిలోలు ఎక్కిస్తాడు. నాడి 110కి దిగాక మళ్లీ ఎత్తుదామని లెక్క పెట్టుకున్నవాడు, గుండె ఎప్పుడో 110కి దిగినా వాచీ 120ల్లోనే ఉందని అర నిమిషం అదనంగా కూర్చుంటాడు. గుండె జబ్బు ఉండి, డాక్టరు ఇంతకు మించనీయొద్దని ఒక అంకె చెప్పినవాళ్లకైతే తక్కువ చూపించడం ప్రమాదమే. అలాంటివాళ్లు బరువులు ఎత్తేటప్పుడు మణికట్టు అంకెను ఆధారంగా పెట్టుకోకూడదు.

సైకిల్ సంగతి కొంచెం భిన్నం. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 60 మందితో ఏడు రకాల మణికట్టు పరికరాలను పరీక్షించారు. నడక, పరుగు, సైకిల్ అన్నీ చేయించారు. గుండె వేగంలో అన్నిటికన్నా తక్కువ తప్పు వచ్చింది సైకిల్ తొక్కినప్పుడే, సుమారు 2 శాతం. నడకలో అది 5 శాతం దాటింది. మరి సైకిల్ మీద వాచీ తప్పు చెబుతుందన్న ఫిర్యాదు ఎక్కడిది? ఆ పరీక్ష గదిలో కదలని సైకిల్ మీద జరిగింది. చేతులు హ్యాండిల్ మీద నిశ్చలంగా ఉంటాయి, కాళ్లు మాత్రమే కదులుతాయి. వాచీకి అంతకన్నా మంచి పరిస్థితి ఉండదు.

రోడ్డు మీద అలా కాదు. పొద్దున్నే నల్లగొండ నుంచి పానగల్లు ఉదయ సముద్రం కట్ట దాకా తొక్కేవాళ్లను చూస్తే తెలుస్తుంది. ఒంటి బరువులో కొంత భాగం అరచేతుల మీద మోపి ఉంటుంది. మణికట్టు వెనక్కి వంగి ఉంటుంది. బ్రేకు మీద వేళ్లు బిగిసి ఉంటాయి. అంటే బెంచ్ ప్రెస్‌లో ముప్పై సెకన్లు ఉండే స్థితి ఇక్కడ అరగంట ఉంటుంది. దాని మీద గతుకులు, స్పీడ్ బ్రేకర్లు, కంకర తేలిన చోట వణుకు. ఈ వణుకు యాక్సిలరోమీటర్‌కు కనిపిస్తుంది కానీ అందులో ఒక లయ ఉండదు. లయ లేనిదాన్ని వెతికి తీసేయడం ప్రోగ్రామ్‌కు చేతకాదు. అందువల్ల రోడ్డు సైకిల్ గ్రాఫ్‌లో గీత ఉన్నట్టుండి 145 నుంచి 90కి పడిపోయి, రెండు నిమిషాలు అక్కడే ఉండి, మళ్లీ పైకి లేచినట్టు కనిపిస్తుంది. గుండె అలా పడి లేవదు. ఆ రెండు నిమిషాలూ ఎక్కడ తొక్కారో మ్యాప్‌లో చూస్తే, చాలావరకు గతుకుల రోడ్డో, గట్టిగా పట్టుకుని దిగిన వాలో అయ్యుంటుంది.

చలి విషయంలో చేతి కదలికతో సంబంధమే లేదు. దక్షిణ తెలంగాణలో చలి అంటే నవ్వేవాళ్లుంటారు గానీ, డిసెంబర్, జనవరిలో పాలమూరు, నల్లగొండ పల్లెల్లో తెల్లవారుజామున 15 డిగ్రీల కిందికి దిగే రోజులుంటాయి. సైకిల్ మీద గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో పోతే ఎదురుగాలి ఆ చలిని ఇంకా పెంచుతుంది. ఒళ్లు తన వేడిని లోపలే దాచుకోవడానికి చర్మంలోని నాళాలను ముడుచుకుంటుంది. చేతులు తెల్లబడి చల్లగా తగిలేది అందుకే. వాచీ చూసేది సరిగ్గా ఆ పైపొరనే. అక్కడికి రక్తం రావడమే తగ్గితే ఆ రూపాయి పావలా అవుతుంది.

అప్పుడు వాచీ తన లైట్ల వెలుగు పెంచుకుంటుంది. చీకట్లో దాన్ని గమనించినవాళ్లకు పచ్చదనం ముదిరినట్టు కనిపించొచ్చు. కానీ వెలుగు పెంచితే రూపాయితో పాటు తొంభైతొమ్మిదీ పెరుగుతుంది. ఫంక్షన్ హాల్లో మైకు సౌండ్ పెంచితే మాట్లాడేవాళ్ల గొంతుతో పాటు చుట్టుపక్కల గోల కూడా పెరిగినట్టే. గొంతుకూ గోలకూ మధ్య నిష్పత్తి అలాగే ఉంటుంది. అందుకని చలిలో వెలుగు పెంచడం కొంతమేరకే పనికొస్తుంది.

చలి తప్పుకు ఒక గుర్తుంది, అది గ్రాఫ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి పది పదిహేను నిమిషాలు అంకెలు అర్థం లేకుండా ఉంటాయి. నడకవాళ్లకు, పరుగువాళ్లకు అయితే అడుగుల లెక్కకు అతుక్కుని 160, 170 దగ్గర ఉంటాయి, ఎందుకంటే నాడి మరీ బలహీనమైనప్పుడు అడుగే అన్నిటికన్నా బలమైన లయ. తరువాత ఒళ్లు వేడెక్కి, చెమట పట్టే సమయానికి నాళాలు తెరుచుకుంటాయి. అంకె ఒక్కసారిగా 135కి వచ్చి అక్కడి నుంచి బుద్ధిగా నడుస్తుంది. వేగం మారలేదు, ఎత్తుపల్లం మారలేదు, అంకె ఒక్కటే 30 పడిపోయింది. అంటే పడిపోయిన తరువాతది నిజం, ముందుది కాదు. అదే మనిషి మే నెలలో అదే దారిలో పోతే ఈ తేడా కనిపించదు.

తప్పు ఉందని తేల్చుకోవడానికి ఖర్చు లేని పాత పద్ధతి ఒకటుంది. వాచీ లేని చేతి బొటనవేలి వైపు మణికట్టు మీదో, మెడ పక్కనో రెండు వేళ్లు మెత్తగా పెట్టి నాడి పట్టుకోవడమే. మెడ దగ్గరైతే ఒకవైపే, నొక్కకుండా. కసరత్తు తరువాత నాడి వేగంగా దిగుతుంది కాబట్టి పూర్తి నిమిషం లెక్కపెడితే లాభం లేదు. రాడ్ దింపిన వెంటనే పది సెకన్లు లెక్కపెట్టి ఆరుతో హెచ్చించాలి. పది సెకన్లలో 24 వస్తే 144. ఒక కొట్టు అటూ ఇటూ అయితే ఆరు తేడా వస్తుంది, ఆ మాత్రం తప్పు ఇందులోనూ ఉంటుంది. కానీ చేతికి 144 వచ్చి వాచీ 103 చూపిస్తుంటే, ఆ ఆరుతో సంబంధం లేకుండా ఎవరిది తప్పో తేలిపోతుంది. ఇదే పని మూడు నాలుగు సెట్లకు చేసి కాగితం మీద రాసుకుంటే, తన వాచీ ఏ కసరత్తులో ఎంత వెనకబడుతుందో ఎవరికి వాళ్లకు తెలుస్తుంది. కాళ్లతో తోసే లెగ్ ప్రెస్‌లో పిడి గట్టిగా పట్టుకోకుండా చేసి చూస్తే, డెడ్‌లిఫ్ట్‌లో వచ్చిన తేడా చాలావరకు తగ్గడం గమనించొచ్చు. పట్టుకు, తప్పుకు ఉన్న సంబంధం అక్కడ కళ్ల ముందే కనిపిస్తుంది.

వాచీ పెట్టుకునే తీరు మార్చినా కొంత మెరుగుపడుతుంది. చాలామంది దాన్ని గాజులా మణికట్టు ఎముక మీదే వదులుగా వేలాడదీస్తారు. ఎముక మీద వాచీ డబ్బా చదునుగా కూర్చోదు, చెయ్యి వంగగానే లేస్తుంది. ఎముకకు రెండు మూడు వేళ్ల పైకి, ముంజేయి వైపు జరిపి, చర్మం మీద జారనంత బిగుతుగా పెట్టాలి. వేళ్లు మొద్దుబారేంతగా మాత్రం కాదు. మరీ బిగిస్తే అది కూడా అడుగు రక్తాన్ని నొక్కేసి సిగ్నల్‌ను చంపుతుంది. కసరత్తు అయ్యాక ఒక రంధ్రం వదులు చేసుకోవచ్చు. చలికాలం బయలుదేరే ముందు ఇంట్లోనే ఐదు నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకుని, వాచీ మీదికి స్వెటర్ చెయ్యి లాగి పోతే ఆ మొదటి పది నిమిషాల గోల చాలావరకు పోతుంది. అయితే డెడ్‌లిఫ్ట్ విషయంలో ఇవేవీ పూర్తి మందు కాదు. పిడికిలి బిగిసినంతకాలం తాళ్లు లేస్తూనే ఉంటాయి.

మణికట్టును వదిలేసి అదే వెలుగు సెన్సర్‌ను మోచేతికి పైన, జబ్బకు కట్టుకునే పట్టీలు కూడా దొరుకుతాయి. అక్కడ పిడికిలి తాళ్లు లేవు, మెత్తటి కండ ఎక్కువ, చలికి చర్మం అంత ముడుచుకోదు, చొక్కా కప్పి ఉంటుంది. పద్ధతి అదే అయినా చోటు మారడం వల్లనే అంకె బాగుపడుతుంది. బరువులెత్తుతూ సెకన్ల లెక్కన నాడి కావాలనుకునేవాళ్లకు మాత్రం ఛాతీ పట్టీయే సరైనది.

దానికీ ఒక షరతుంది. పట్టీ లోపలి వైపున్న రెండు నల్లటి మెత్తటి భాగాలు తడిగా ఉంటేనే చర్మం నుంచి విద్యుత్తు అందుతుంది. చలికాలం పొద్దున్నే పొడి చర్మం మీద అలాగే కట్టేసుకుంటే, చెమట పట్టేదాకా అది కూడా పిచ్చి అంకెలు చూపిస్తుంది. నైలాన్ టీషర్టు గాలికి రెపరెపలాడుతూ రాసుకున్నా అదే గొడవ. కట్టుకునే ముందు ఆ రెండు భాగాలను కుళాయి కింద తడిపి, రొమ్ము ఎముక కింద పక్కటెముకల చుట్టూ, గట్టిగా ఊపిరి పీల్చినా జారనంత బిగుతుగా కట్టుకుంటే, మొదటి సెట్ నుంచే నమ్మదగ్గ అంకె వస్తుంది. ఇంటికెళ్లాక చెమట ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేయాలి, నాడి కొలిచే డబ్బాను పట్టీ నుంచి విప్పి పక్కన పెట్టాలి. విప్పకపోతే తడి పట్టీ మీద అది ఇంకా ఒంటి మీదే ఉన్నాననుకుని రాత్రంతా పనిచేస్తూ బ్యాటరీ ఖాళీ చేస్తుంది.